చేతులు కడుక్కోవడానికి నీళ్లేవి?

ఆ మధ్య హైదరాబాదులో తోపుడు బండ్ల మీద టిఫిన్లు అమ్మేవారి కోసం జరిగిన ఒక శిక్షణ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. నాలుగు గంటల పాఠం, చివర్లో పరీక్ష. చదవడం రానివాళ్లకి ప్రశ్నలు చదివి వినిపించారు. "చేతులు ఎప్పుడెప్పుడు కడుక్కోవాలి?" అన్నదానికి నా పక్కనున్న ఇడ్లీబండి ఆమె తడుముకోకుండా చెప్పింది: మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, డబ్బు ముట్టుకున్నాక, దగ్గినా తుమ్మినా. మార్కు పడింది. తర్వాత నాతో మెల్లగా అంది: "వెళ్తే కదా మేడమ్ కడుక్కునేది! తెల్లారి 4 గంటలకి ఇంట్లో వెళ్తే మళ్లీ 11కే. అందుకే బండి దగ్గర నీళ్లు తాగను."

నియమాలు తప్పని నేననను. ఆ బండి దగ్గర తినేది పనికిపోయే ఆడవాళ్లూ, వాళ్ల పిల్లలూ కూడా. పేదరికం పేరు చెప్పి శుభ్రతకి మినహాయింపు అడగడం మన వాదన కాకూడదు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల్లో నాలుగో షెడ్యూలు అడిగేవి సబబైనవే. వంటకం పెట్టే బల్ల నేలకి కనీసం 60-70 సెంటీమీటర్ల ఎత్తున, తేలిగ్గా కడగడానికి వీలైన స్టీలులాంటి దానితో ఉండాలి. ఎండా దుమ్మూ పడకూడదు. చెత్తబుట్టకి మూత ఉండాలి. తాగడానికి పనికొచ్చే నీళ్లతోనే వండాలి. వీటిలో బల్లా, బుట్టా ఆమె చేతిలో ఉన్నవి. నీళ్లు కావు.

మర్నాడు ఆమె బండి దగ్గరే కూర్చుని లెక్క వేశాను. రెండు 20 లీటర్ల క్యాన్లు తోపుడు బండిలోనే తెచ్చుకుంటుంది. ఉదయం వచ్చేవాళ్లు సుమారు 80 మంది. సబ్బు పెట్టి 20 సెకన్లు రుద్ది కడగడానికి ఒక్కోసారి అర లీటరు అనుకోండి. ప్రతి నోటు తర్వాతా కడిగితే 40 లీటర్లు, అంటే రెండు క్యాన్లూ అక్కడే ఖాళీ. మరి ప్లేట్లు? తాగే నీళ్లు? కుళాయి 400 అడుగుల దూరంలో ఉంది. బండి వదిలి వెళ్తే గల్లా ఎవరు చూడాలి?

ఈ చిక్కుకి పాఠంలో దొరికే జవాబు గ్లవ్స్. పరీక్షలో అదీ మార్కు తెచ్చే జవాబే. కానీ నోటు పట్టుకున్న గ్లవ్స్‌తోనే ఇడ్లీ తీస్తే, కడగని చేతికీ దానికీ తేడా ఏముంది? పైగా చేతికి తడీ జిడ్డూ తెలియవు కనక కడగాలన్న ధ్యాసే పోతుంది. గ్లవ్స్ నిజంగా పనికొచ్చేది వేలు తెగినప్పుడు, అదీ గాయానికి నీరు చొరని పట్టీ వేసి దానిపైన. గాయంలో ఉండే స్టెఫైలోకోకస్ క్రిమి వంటకంలో పెరిగి విషం వదిలితే, మళ్లీ మరిగించినా ఆ విషం పోదు.

ఆమె కనిపెట్టిన ఉపాయం ఇంకా మేలు. బండి అంచున ఒక రేకు డబ్బా పెట్టింది. కొనేవాళ్లే డబ్బు అందులో వేసి చిల్లర తీసుకుంటారు. ఇడ్లీకి పట్టకారు, చట్నీకి గరిటె. దాంతో కడగాల్సిన సార్లు 80 నుంచి పదీ పన్నెండుకి దిగాయి. డబ్బాలో లెక్క తగ్గదా అంటే, "ఒకోసారి తగ్గుద్ది, నీళ్ల ఖర్చు అనుకుంటా" అంది.

చట్నీ సంగతి కష్టం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో క్రిములు త్వరగా పెరుగుతాయి కాబట్టి రెండు గంటలకి మించి ఉంచవద్దంటుంది పాఠం. 4 గంటలకి రుబ్బిన కొబ్బరి చట్నీ 10 దాకా బయటే ఉంటోంది. పులిసిన వాసన రాలేదు కదా అనుకోవడానికి లేదు, జబ్బు చేసే క్రిములు ఉన్నా వాసన రాకపోవచ్చు. ఇప్పుడు కూతురు రెండో వాయి 7 గంటలకి రుబ్బి తెస్తోంది. పాత గిన్నెలో కొత్తది కలపరు, మిగిలింది పారేస్తారు. అప్పటికీ రెండు గంటల గీత దాటుతూనే ఉంది. పైగా ఆ పిల్ల బడికి ఆలస్యమౌతోంది. ఈ శుభ్రత వెల ఎవరు కడుతున్నట్టు?

విరేచనాలు పట్టుకుంటే బండి పెట్టకూడదన్న నియమం కూడా న్యాయమైనదే. ఆ రోజు వడ్డీవాడికి కట్టాల్సింది మాత్రం ఆగదు.

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అమ్మకపు చోట్లలో పౌర సదుపాయాల కోసం వ్యాపారులు రుసుము కట్టాలి. రుసుము తీసుకునేవాళ్లు సదుపాయం చూపించాలి కదా. కుళాయీ మరుగుదొడ్డీ ఎంత దూరంలో ఉన్నాయన్న ప్రశ్నకి మున్సిపాలిటీ చేత కూడా జవాబు రాయించాలి. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలనీ, వారిలో మూడోవంతు స్త్రీలుండాలనీ అదే చట్టంలో ఉంది. ఈ మాట తరగతిలో చెప్పలేదు. నేను చెబితే ఆమె కాసేపు ఆలోచించి, ఒక కాగితం మీద నాతో రాయించుకుంది: 80 మంది, 40 లీటర్లు, 400 అడుగులు.