రైలు తప్పితే డబ్బు ఎప్పుడు వస్తుంది?



రైలు తప్పిపోతే టీడీఆర్ వేసుకుంటే చాలు, డబ్బు వెనక్కి వస్తుందని గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. అది సగమే నిజం. ట్రాఫిక్‌లో చిక్కుకుని మీరే ఆలస్యంగా వెళితే, కన్‌ఫర్మ్ టికెట్ మీద టీడీఆర్ వేసినా పైసా రాదనే అనుకోవాలి. ఆలస్యం రైలుదైతే లెక్క వేరు.

ఉదాహరణకు రాజమండ్రి నుంచి విజయవాడకు ఒక రైలు, అక్కడి నుంచి చెన్నైకి మరో రైలు బుక్ చేశారనుకోండి. మొదటి రైలు ఉదయం 8కి చేరాల్సింది 10:40కి చేరింది, 10 గంటల చెన్నై రైలు వెళ్లిపోయింది. అప్పుడు చెన్నై టికెట్ డబ్బు, రద్దు రుసుము కోత లేకుండా అడగవచ్చు. ప్రయాణం చేసేశాం కాబట్టి మొదటి టికెట్‌ది రాదు.

షరతు ఏమిటంటే, రెండు పీఎన్ఆర్‌లూ ముందే అనుసంధానమై ఉండాలి, రెండింటిలో ప్రయాణికుల వివరాలు ఒకటే కావాలి. అనుసంధానం చేయని టికెట్లతో వాదన నిలవదు. చాలామంది నష్టపోయేది ఇక్కడే. టీడీఆర్ వేసే గడువు మొదటి రైలు నిజంగా చేరిన సమయం నుంచి మూడు గంటలు, అంటే పై ఉదాహరణలో మధ్యాహ్నం 1:40. ఈ-టికెట్ అయితే ఐఆర్‌సీటీసీ ఖాతాలో బుకింగ్ చరిత్రలోకి వెళ్లి, కారణంగా కనెక్టింగ్ రైలు తప్పిందని ఎంచుకోవాలి. ఇంటికెళ్లి తీరిగ్గా వేద్దామంటే కుదరదు.

ఎక్కాల్సిన రైలే మూడు గంటలకు మించి ఆలస్యమై మీరు ప్రయాణం మానుకుంటే, అది మీ స్టేషన్ నుంచి కదలకముందే టీడీఆర్ వేయాలి.

— ఒక పాఠకుడు, రాజమండ్రి