మైనస్ గుర్తు చెప్పేది దిక్కు

పదో తరగతి భౌతిక శాస్త్రంలో ఇంతకంటే సూటి ప్రశ్న ఉండదు. ఒక కుంభాకార కటకం నాభ్యంతరం 12 సెం.మీ. దాని ముందు 16 సెం.మీ. దూరంలో వస్తువును ఉంచారు. ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది, దాని స్వభావం ఏమిటి? ఈ ప్రశ్నకు పిల్లల నోటు పుస్తకాల్లో మామూలుగా మూడు రకాల జవాబులు కనిపిస్తాయి. కొందరికి 48 వస్తుంది, కొందరికి −48 వస్తుంది, ఇంకొందరికి 6.86 వస్తుంది. మూడింటిలోనూ భిన్నాల కూడికలు, తీసివేతలు, కసాగులు సరిగ్గానే ఉంటాయి. అంటే లెక్క చేయడం వచ్చిన పిల్లలే ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటున్నారు. అందుకే సంజ్ఞా సంప్రదాయం గురించి ఈ వారం కాస్త తీరిగ్గా రాయాలనిపించింది.

సంప్రదాయం చాలా చిన్నది. దూరాలన్నీ కటక దృక్ కేంద్రం నుంచే కొలవాలి. కాంతి ప్రయాణించే దిక్కున కొలిస్తే ప్లస్, దానికి ఎదురు దిక్కున కొలిస్తే మైనస్. ఎత్తులైతే ప్రధానాక్షానికి పైన ప్లస్, కింద మైనస్. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు. వస్తువు ఎడమ వైపు ఉంది, కాంతి కుడికి వెళుతోంది. దృక్ కేంద్రం నుంచి వస్తువు వైపు నడవాలంటే కాంతికి ఎదురు నడవాలి. కాబట్టి u = −16. అది వస్తువు దూరం కావడం వల్ల మైనస్ కాలేదు, ఎదురు దిక్కున ఉండటం వల్ల అయింది. ఈ తేడాతో కొంచెం ముందుకెళ్లాక పెద్ద పనే పడుతుంది. సమాంతరంగా వచ్చిన కిరణాలను కుంభాకార కటకం కుడి వైపున కలుపుతుంది కాబట్టి f = +12. ఇక v మనకు తెలియదు. తెలియని దానికి మనం ఏ గుర్తూ పెట్టకూడదు.

1/f = 1/v − 1/u అన్న సూత్రాన్ని ఉన్నదున్నట్టు రాసి, విలువలను వాటి గుర్తులతో సహా బ్రాకెట్లలో పెట్టి వేస్తే ఇలా వస్తుంది:

1/12 = 1/v − 1/(−16)
1/v = 1/12 − 1/16 = 1/48
v = +48 సెం.మీ.

ప్లస్ వచ్చింది కాబట్టి ప్రతిబింబం కుడి వైపున, కాంతి నిజంగా చేరే చోట ఉంది. అది నిజ ప్రతిబింబం, తెర మీద పట్టవచ్చు. ఆవర్ధనం m = v/u = 48/(−16) = −3. మైనస్ అంటే తలకిందులు, 3 అంటే మూడు రెట్లు. స్వభావం ఏమిటన్న రెండో ప్రశ్నకు మనం విడిగా ఆలోచించాల్సిన పని లేకుండా గుర్తులే జవాబు చెప్పేశాయి.

ఇప్పుడు −48 దగ్గరికి వద్దాం. ఆ పిల్లవాడు అంతకు ముందు పాఠంలో గోళాకార దర్పణాలు చదివాడు. అక్కడ నిజ ప్రతిబింబం అద్దానికి ముందు, వస్తువు ఉన్న వైపే ఏర్పడుతుంది కాబట్టి v మైనస్ అవుతుంది. అతని బుర్రలో మిగిలింది మాత్రం "నిజ ప్రతిబింబమైతే v మైనస్" అన్న ముక్క. దాంతో సూత్రంలో v ఉన్న చోట ముందే −v రాశాడు. 1/12 = −1/v + 1/16 అయింది, v = −48 వచ్చింది. అతను −v అని రాసుకున్నాడు కాబట్టి అసలు విలువ −(−48), అంటే +48 అని వెనక్కి తిప్పి చదవాలి. ఎవరూ తిప్పరు. "v మైనస్, కాబట్టి మిథ్యా ప్రతిబింబం, కటకానికి ఎడమ వైపున" అని రాసి గీత గీస్తారు. సంఖ్య సరైనదే అయినా స్థానం తప్పు, స్వభావం తప్పు. నిజానికి ప్రతిబింబం నిజమా, మిథ్యా అన్నది లెక్క ముగిశాక తెలియాల్సిన సంగతి. దాన్ని మొదట్లోనే ఊహించి గుర్తు పెట్టడమంటే జవాబును ప్రశ్నలోకి దూర్చడమే.

ఈ విషయంలో ఉపాధ్యాయ మిత్రులతో నాకు స్పష్టమైన భేదాభిప్రాయం ఉంది. u ఎప్పుడూ మైనస్, నిజ ప్రతిబింబమైతే v ఇది, మిథ్యా అయితే v అది అంటూ దర్పణాలకొకటి, కటకాలకొకటి పట్టికలు బట్టీ పట్టించడం మానేయాలి. దర్పణాల పట్టిక, కటకాల పట్టిక ఒకదానికొకటి ఎదురు. పరీక్ష హాల్లో రెండూ కలిసిపోతాయి. దిక్కు ఒక్కటే నేర్పితే దర్పణానికీ కటకానికీ అదే సరిపోతుంది.

మూడో జవాబు 6.86 కథ వేరు. "సూత్రంలో 1/u ముందు మైనస్ ఉంది కదా, u మైనస్ అంటే అదే" అనుకున్న విద్యార్థికి ఇది వస్తుంది. సూత్రంలోని మైనస్ సూత్రానిది, u లోని మైనస్ దిక్కుది. రెండూ ఉండాలి. అతను 16ని గుర్తు లేకుండా వేశాడు. 1/v = 1/12 + 1/16 = 7/48, v = 48/7, అంటే సుమారు 6.86 సెం.మీ. కొన్ని ట్యూషన్లలో ఇంకో పద్ధతి నేర్పుతారు. నిజమైనవన్నీ ప్లస్, మిథ్యావన్నీ మైనస్, సూత్రం 1/f = 1/v + 1/u. పాత ఇంగ్లండు పుస్తకాల్లో ఉన్న ఈ పద్ధతి తప్పేమీ కాదు, మొదటి నుంచి చివరి దాకా దాన్నే పాటిస్తే 48 వస్తుంది. ఒక పద్ధతి సూత్రంలో రెండో పద్ధతి గుర్తులు వేస్తేనే 6.86 పుడుతుంది. మన పాఠ్యపుస్తకం ఏ పద్ధతిలో ఉందో పేపర్లు దిద్దేవారూ దాంట్లోనే చూస్తారు కాబట్టి దాన్నే పట్టుకోవడం మేలు.

6.86 తప్పని లెక్క చెప్పదు, బొమ్మ చెబుతుంది. అందుకే సూత్రం ముట్టుకోక ముందే కిరణ చిత్రం గీయమంటాను. 4 సెం.మీ.లను 1 సెం.మీ.గా తీసుకుంటే వస్తువు 4 సెం.మీ. దూరంలో, నాభి 3 సెం.మీ. దూరంలో వస్తాయి. వస్తువును 1 సెం.మీ. ఎత్తు గీయండి. దాని కొన నుంచి ప్రధానాక్షానికి సమాంతరంగా ఒక కిరణం గీస్తే, అది కటకం దాటాక కుడి వైపు నాభి గుండా పోతుంది. రెండో కిరణం దృక్ కేంద్రం గుండా వంగకుండా పోతుంది. రెండూ కటకం నుంచి 12 సెం.మీ. దగ్గర, అక్షానికి 3 సెం.మీ. కింద కలుస్తాయి. 12ని 4తో గుణిస్తే 48. స్కేలు లేకుండా చేత్తో గీసినా ఒక సంగతి తెలిసిపోతుంది. అక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణమే నాభి దగ్గర, అంటే అసలు కొలతలో 12 సెం.మీ. దగ్గర గానీ అక్షాన్ని తాకదు. అలాంటప్పుడు వస్తువు నుంచి విచ్చుకుంటూ వచ్చే కిరణాలు 6.86 దగ్గర కలవడం కుదరదు. కుంభాకార కటకం ఎదుట నిజంగా ఒక వస్తువు ఉన్నప్పుడు నిజ ప్రతిబింబం నాభ్యంతరం కంటే దగ్గరగా ఎన్నడూ రాదు.

బొమ్మలో మార్కులు పోయే చోట్లు కొన్నే. కిరణాలకు బాణం గుర్తులు పెట్టకపోవడం ఒకటి. మిథ్యా ప్రతిబింబం కోసం వెనక్కి పొడిగించిన గీతలను చుక్కల్లో కాకుండా నిండు గీతల్లో గీయడం ఇంకొకటి. ఆ చుక్కల వెంట కాంతి ఏదీ పోదు, అందుకే అవి చుక్కలు.

అయితే 48/7 అన్నది గాల్లోంచి ఊడిపడ్డ సంఖ్య కాదు. u = +16 అని వేసిన విద్యార్థి తెలియకుండానే మరో ప్రశ్నకు సరైన జవాబు రాశాడు. 12 సెం.మీ. నాభ్యంతరమే ఉన్న రెండో కుంభాకార కటకాన్ని మొదటి దానికి 32 సెం.మీ. కుడి వైపున పెట్టామనుకోండి. మొదటి కటకం కిరణాలను 48 సెం.మీ. దగ్గర కలపబోతోంది. అవి కలవక ముందే రెండో కటకం అడ్డొచ్చింది. కలవాల్సిన చోటు రెండో కటకానికి ఇంకా 16 సెం.మీ. కుడికి, కాంతి వెళ్లే దిక్కునే ఉంది. రెండో కటకానికి అదే వస్తువు. కాబట్టి ఇక్కడ u = +16, v = +6.86. అప్పటికే దగ్గరవుతున్న కిరణాలు కాబట్టి నాభి కంటే ముందే కలిశాయి. "u ఎప్పుడూ మైనస్" అని బట్టీ పట్టిన పిల్లలు ఇంటర్లో, ఈఏపీసెట్ మాదిరి పరీక్షల్లో తడబడేది ఈ రెండు కటకాల లెక్కల్లోనే. దూరాలను మొదటి కటకం నుంచే కొలుస్తూ పోవడం అక్కడ జరిగే మరో పొరపాటు. ఏ కటకానికి సూత్రం రాస్తున్నామో దాని దృక్ కేంద్రం నుంచే కొలవాలి.

పుటాకార కటకానికి f మైనస్. దూరపు వస్తువులు సరిగా కనబడనివారి కళ్లద్దాల చీటీ మీద −2 అని ఉండేది ఈ మైనస్సే. −2 డయాప్టర్లంటే −50 సెం.మీ. నాభ్యంతరం. మొదటి ప్రశ్నలో కటకాన్ని పుటాకారంగా మార్చితే జవాబు −6.86. f ముందు మైనస్ మరిచిపోతే +48 వస్తుంది. చూడటానికి ముచ్చటైన సంఖ్యే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ ఎదురుగా వస్తువు ఉన్నప్పుడు పుటాకార కటకం ఒక్కటే నిజ ప్రతిబింబం ఇవ్వలేదు. v ప్లస్ వచ్చిందంటే వెనక్కి వెళ్లి f చూసుకోవాలి.

ఇక గుర్తులు నిజంగా అర్థమయ్యాయో లేదో తేల్చే ప్రశ్న ఒకటుంది. 12 సెం.మీ. నాభ్యంతరం గల కుంభాకార కటకం ఒక వస్తువుకు మూడు రెట్లు పెద్ద ప్రతిబింబం ఇచ్చింది, వస్తువు ఎక్కడుంది? చాలామంది m = 3 అని వేసి ఒక జవాబుతో ఆపేస్తారు. మూడు రెట్లు అన్నారు గానీ నిటారుగానా, తలకిందులుగానా అన్నది చెప్పలేదు. తలకిందులైతే m = −3, అంటే v = −3u. సూత్రంలో వేస్తే 1/12 = −4/(3u), u = −16, v = +48. నిటారుగా ఉంటే m = +3, v = 3u. అప్పుడు 1/12 = −2/(3u), u = −8, v = −24. వస్తువు నాభి లోపలికి వచ్చింది, ప్రతిబింబం అదే వైపున మిథ్యాగా ఏర్పడింది. భూతద్దంతో అక్షరాలు చదివేటప్పుడు జరిగేది ఇదే. ఇక్కడ u తెలియదు కాబట్టి దానికీ మనం గుర్తు పెట్టలేదు, రెండుసార్లూ మైనస్ దానంతట అదే వచ్చింది. ప్రశ్నలో "తెరపై" అన్న మాట ఉంటే మొదటి జవాబు ఒక్కటే రాయాలి. "మిథ్యా" అనో "నిటారు" అనో ఉంటే రెండోది రాయాలి. ఏ మాటా లేకపోతే రెండూ రాసి, రెండింటికీ వేర్వేరు కిరణ చిత్రాలు గీయాలి.