చీర్స్‌కి తెలుగేంటి?

మొన్న గచ్చిబౌలిలో మా ప్రాజెక్టు రిలీజ్ డిన్నర్. జర్మనీ నుంచి వచ్చిన క్లయింటు గ్లాసెత్తి, ఒక్కొక్కరి కళ్ళలోకి చూస్తూ "ప్రోస్ట్" అన్నాడు. "మీ భాషలో ఏమంటారు?" అనడిగాడు. పదిమంది తెలుగువాళ్ళం, నోట మాట లేదు. చివరికి "చీర్స్" అన్నాం.

ఇంటికొచ్చాక ఆలోచించాను. ఈ మాటలు చాలావరకు రెండు రకాలు. ఆరోగ్యం, మేలు కోరేవి కొన్ని: ఫ్రెంచి "సాంతే", స్పానిష్ "సాలూద్", లాటిన్ నుంచి వచ్చిన "ప్రోస్ట్". గ్లాసు ఖాళీ చెయ్యమనేవి కొన్ని: చైనా "గాన్‌బెయ్", జపాన్ "కన్‌పాయ్". రెండూ ఒకే మాట, అర్థం 'ఎండిన గిన్నె'. కానీ చైనాలో నిజంగానే ఖాళీ చెయ్యాలంటారు, జపాన్‌లో ఒక్క గుక్క చాలు.

మరి మనకి? ఆరోగ్యం కోరే మాటలు బోలెడు. పిల్లాడు తుమ్మితే "చిరంజీవ" అంటాం, దండం పెడితే "దీర్ఘాయుష్మాన్ భవ" అంటాం. చిక్కల్లా ఇవన్నీ పెద్దలు చిన్నవాళ్ళకి చెప్పేవే. మేనేజరుకి నేను "చిరంజీవ" అంటే బావుంటుందా? గ్లాసెత్తడం సమానుల మధ్య పని. మనకి లేనిది మాట కాదు, ఆ వరస.

అందుకే నా ఓటు "అందరం చల్లగా ఉండాలి"కి. దీవించేవాడు కూడా అందులో ఉన్నాడు కాబట్టి పెద్దాచిన్నా గొడవ లేదు. పొట్టిగా "చల్లగా!" అంటే సరి. నాలాగా మజ్జిగ గ్లాసు పట్టుకున్నవాడికీ పనికొస్తుంది.

మీరేమంటారు?