మన పేరులో ఎవరున్నారు? ఎవరు లేరు?

నకిరేకల్ హాస్టల్ నుంచి రాస్తున్నాం. కాంపిటీటివ్ పుస్తకాల్లో పాట్రనిమిక్, మాట్రనిమిక్, ఎపొనిమ్, టోపొనిమ్ అని నాలుగు మాటలొస్తయి. మనోళ్లు వాటిని బట్టీ పడుతున్నరు. బట్టీ అక్కర్లేదు. ఆధార్ కార్డు తీసి చూస్తే దాదాపు అన్నీ అందులోనే ఉన్నయి.

ఉదాహరణకు ఒక పేరు అనుకుందాం: రామావత్ శంకర్, తండ్రి లచ్చు, ఊరు భీమ్లా తండా.

మొదట 'రామావత్'. తండ్రి పేరు మీదనో, తండ్రి వైపు పూర్వీకుడి పేరు మీదనో వచ్చే పేరు పాట్రనిమిక్. రాజస్థాన్‌లో రావ్ శేఖా వంశం వాళ్లు షెఖావత్‌లు. మన రామావత్, ధారావత్, కేతావత్‌ల చివర ఉన్నది కూడా ఆ 'వత్' లాంటిదే. ఫలానా ఆయన సంతతి అని అర్థం. ఇంగ్లిష్‌లో జాన్సన్ అన్నా అంతే, జాన్ కొడుకు అని. కానీ ఇయ్యాల జాన్సన్ అనేటాయన తండ్రి పేరు జాన్ కానక్కర్లేదు. ఎప్పుడో ఒక తరంలో ఆ పేరు ఆగిపోయి ఇంటిపేరు అయింది.

ఐస్‌లాండ్‌లో మాత్రం ఆగలేదు. అక్కడ తరతరానికీ మారుతది. తండ్రి పేరు యోన్ అయితే కొడుకు యోన్‌సన్, బిడ్డ యోన్స్‌దోత్తిర్. అన్నాచెల్లెళ్లకే చివరి పేరు వేరు. తమిళనాడులో కూడా తండ్రి పేరే ముందుంటది. చెస్ ఆటగాడు విశ్వనాథన్ ఆనంద్ అసలు పేరు ఆనంద్, విశ్వనాథన్ వాళ్ల నాన్న. ఇది తెలియక బయటి దేశాలోళ్లు ఆయన్ని విశ్వనాథన్ అని పిలిస్తే, వాళ్లు పిలిచేది నాన్ననే! మన శంకర్ పేరులో రెండు రకాలూ ఉన్నయి. 'రామావత్' ఆగిపోయిన పాట్రనిమిక్, 'తండ్రి లచ్చు' తరంతో పాటు మారేది.

ఇగ 'భీమ్లా తండా'. చోటు పేరు టోపొనిమ్. నల్లకొండ నల్లగొండ అయింది, అది టోపొనిమ్. ఏ మనిషి పేరు మీద ఇంకోదానికి పేరు పెడతరో ఆ మనిషి ఎపొనిమ్. పాలమూరుకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టి మహబూబ్‌నగర్ అన్నరు. 2016లో ఆసిఫాబాద్ జిల్లాకు కొమురం భీం పేరు పెట్టిండ్రు. మన తండాలు చానా వరకు ఇట్లాంటివే, తండాను నిలబెట్టిన నాయక్ పేరే తండా పేరు. రాజు పేరు ఊరికి పెడితే చరిత్ర పుస్తకంలో ఉంటది. మన నాయక్ పేరు తండా బోర్డు మీద తప్ప ఇంకెక్కడా రాసి ఉండదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో చానా తండాలు గ్రామపంచాయతీలు అయినయి. పంచాయతీ అయింది కదా, 'నగర్' అనో 'పురం' అనో మారుద్దాం అనేవాళ్లకు మా మాట ఒక్కటే: ఆ పేరు తీసేస్తే ఆ మనిషిని తీసేసినట్టే.

నాలుగోది మాట్రనిమిక్, అంటే తల్లి పేరు మీద వచ్చేది. శంకర్ పేరులో ఇదొక్కటే లేదు. మన నేలకు ఇది కొత్త కాదు. శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి, ఆయన కొడుకు వాసిష్ఠీపుత్ర పులుమావి, ఇద్దరూ తల్లి పేరుతోనే శాసనాల్లోకి ఎక్కిండ్రు. అయితే అప్పుడు ఆడోళ్ల రాజ్యం ఉండె అనుకోవద్దు. గౌతమి, వాసిష్ఠి అనేవి తల్లుల గోత్రాన్ని బట్టి వచ్చిన పేర్లు. గద్దె మాత్రం తండ్రి నుంచి కొడుక్కే పోయింది. పేరులో తల్లి ఉన్నంత మాత్రాన అధికారం తల్లిది కాదు. కానీ పేరులో కూడా లేకపోతే ఆమె ఏ కాగితంలోనూ కనపడదు. 2016 చివర్లో పాస్‌పోర్టు రూల్స్ మార్చి తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు రాసినా చాలన్నరు. తల్లి పేరు అడిగే గడి ఏ ఫారంలో కనపడ్డా ఖాళీగా వదలొద్దు.

ఆఖరుగా 'లాస్ట్ నేమ్' గడి సంగతి. మనోళ్లు ఒక ఫారంలో రామావత్ అని, ఇంకో ఫారంలో నాయక్ అని రాస్తున్నరు. సర్టిఫికెట్లు ఒకదానితో ఒకటి కలవక తర్వాత తిరుగుడే తిరుగుడు. నాయక్ అనేది తండా పెద్ద హోదా, పాట్రనిమిక్ కాదు. అందరం నాయక్ అని రాసుకుంటే ఎవరు ఎవరి సంతతో పేరు చూసి చెప్పలేం. పెండ్లి సంబంధం వచ్చినప్పుడు పెద్దోళ్లు మొదట అడిగేది ఆ సంగతే కదా! అందుకే పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఎట్లుందో, అక్షరం మారకుండా అన్నిట్లో అట్లనే రాయండి.

మీ తండా ఎవరి పేరు మీద ఉందో, ఆయన ఎవరో ఇంట్ల ముసలోళ్లను అడిగి కింద రాయండి.