కోడ్ల కాయితం పట్టా పాసుబుక్కు పక్కన ఉండాలె

 

పోయిన ఫిబ్రవరిలో ఒక శనివారం సూర్యాపేట హాస్టల్ నుంచి కోదాడలో ఉన్న అక్క దగ్గరికి పోతుంటే బస్సులో నా ఫోన్ పోయింది. అక్క ఫోన్‌లో నా జీమెయిల్ తెరవబోయిన. పాస్‌వర్డ్ నాకు నోటికి వచ్చు, కొట్టిన. దాని తర్వాత రెండో తాళం అడిగింది. పాత ఫోన్‌లో "Yes" నొక్కాలె, లేకుంటే నా నంబర్‌కు వచ్చే మెసేజ్ కోడ్ కొట్టాలె. రెండూ పోయిన ఫోన్‌లనే ఉన్నయి.

సరే, డూప్లికేట్ సిమ్ తీసుకుందామనుకున్న. మన తండాల్లో చాలామందికి ఉన్నట్టే నా సిమ్ కూడా బాపు పేరు మీద ఉంది. ఆయన వేలిముద్ర లేకుండా సిమ్ ఇయ్యరు. ఆయనేమో ఖమ్మం దిక్కు మిర్చి ఏరబోయిండు. ఆరు రోజులకు వచ్చిండు, మిర్యాలగూడలో సిమ్ తీసుకున్నం. సిమ్ మార్చినంక 24 గంటలు మెసేజ్‌లు ఆపుతరని అప్పుడే తెలిసింది. దొంగలు మన పేరు మీద సిమ్ తీసి బ్యాంకు ఓటీపీలు కొట్టెయ్యకుండా 2022లో పెట్టిన రూల్ అది. రూల్ మంచిదే. కానీ నేను మెయిల్ తెరిచేసరికి ఎనిమిదో రోజు అయింది. నేను నింపాల్సిన ఇంటర్న్‌షిప్ ఫారం గడువు ఐదో రోజే అయిపోయింది.

ఆ రోజు నా దగ్గర ఎనిమిది అంకెల కోడ్ ఒక్కటి ఉన్నా ఇదంతా అయ్యేది కాదు. గూగుల్ అకౌంట్‌ల "2-Step Verification" లోపల "Backup codes" అని ఉంటది. అక్కడ పది కోడ్లు ఇస్తరు. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తది. లాగిన్ అయ్యేటప్పుడు "Try another way" నొక్కి కోడ్ కొడితే చాలు, సిమ్ అక్కర్లేదు, పాత ఫోన్ అక్కర్లేదు.

మా రూమ్‌లో సీనియర్ అన్న ఒకాయన "స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో, ఇంట్ల ఎవ్వరికీ చెప్పకు" అన్నడు. ఆయన మాట నేను ఒప్పుకోను. స్క్రీన్‌షాట్ ఫోన్‌తోనే పోతది. డ్రైవ్‌ల పెడితే తాళంచెవి ఇంట్ల పెట్టి తలుపు వేసుకున్నట్టే. పాస్‌వర్డ్‌లు దాచే వాల్ట్ యాప్ వాడినా దాని తాళం ఒకటి బయట ఉండాల్సిందే. జిరాక్స్ షాపుల ప్రింట్ తీయిస్తే ఆ ఫైల్ వాళ్ల కంప్యూటర్ల మిగిలిపోతది.

అందుకే నేను చేత్తో రాసిన, అదీ మామూలు బాల్‌పెన్‌తో. జెల్ పెన్ను సిరా తడి తగిలితే పారుతది. మా ఇంట్ల రేకుల పెట్టెల ప్లాస్టిక్ కవర్ ఉంది, దాంట్ల పట్టా పాసుబుక్కు, రేషన్ కార్డు, నా టెన్త్ మెమో ఉంటయి. వాన పడ్డా, ఎలుక వచ్చినా యాడి ముందు చూసుకునేది ఆ కవర్‌నే. కాయితం అందులనే పెట్టిన. పది కోడ్లల్ల రెండు మాత్రం వేరే చీటీ మీద రాసుకుని హాస్టల్ పెట్టెల పెట్టుకున్న. ఇంటి కాయితం మీద ఆ రెండిటికీ గుర్తు పెట్టిన. వాడిన కోడ్‌ను కొట్టేస్తం.

"మరి ఎవరన్నా చూస్తే?" అంటరు. కోడ్ రెండో తాళం మాత్రమే. మొదటి తాళమైన పాస్‌వర్డ్ లేకుండా దానితో లోపలికి పోలేరు. అందుకే పాస్‌వర్డ్ ఆ కాయితం మీద ఎప్పుడూ రాయొద్దు. ఆ రెండూ ఒక్క దగ్గర ఉంటేనే ప్రమాదం. కాయితం కనపడకపోతే కొత్త కోడ్లు తీసుకోండి, ఆ క్షణమే పాత పదీ చెల్లకుండా పోతయి.

అన్నిటికీ ఈ ధైర్యం పనికిరాదు. విండోస్ ల్యాప్‌టాప్‌కు 48 అంకెల బిట్‌లాకర్ కీ ఉంటది. ల్యాప్‌టాప్ చేతిల ఉన్నోనికి ఆ కీ ఒక్కటే చాలు, డిస్క్ తెరుచుకుంటది. దాన్ని ల్యాప్‌టాప్ బ్యాగుల అసలే పెట్టొద్దు. అది కూడా ఇంటి పెట్టెలనే ఉండాలె.

ఎవరికి తెలియాలె? నా లెక్కల ఇద్దరికి. కాయితం ఎక్కడుందో యాడికి తెలుసు. ఆమెకు చదువు రాదు, కానీ మా ఇంట్ల ఏ కాయితం ఆమె చేతి కింద పోలేదు. చదివి చెప్పనీకి తొమ్మిదో తరగతి చెల్లె ఉంది. చెల్లెకు ఒక్కటే చెప్పిన: నేనే ఫోన్ చేసి, నా గొంతు గుర్తుపట్టినంక, మనింటి మాట ఒకటి అడిగి చూసి ఒక్క కోడ్ మాత్రం చెప్పు. "మీ అన్న దోస్తును" అని ఎవరు చేసినా పెట్టెయ్యి. రూమ్మేట్లకు, నెట్ సెంటర్ అన్నకు తెలియాల్సిన పని లేదు.

మొన్న సంక్రాంతి సెలవుల తర్వాత హాస్టల్ నుంచి చెల్లెకు ఫోన్ చేసి ఒక కోడ్ అడిగి చూసిన. మా కుక్క పేరేందని అడిగినంకనే చెప్పింది. కోడ్ పనిచేసింది. ఇంటి కాయితం మీద ఇంక ఏడు కోడ్లు మిగిలినయి.