పప్పుచారు ఒలికితే మగ్గు నీళ్ళు తేకండి

మొన్న శ్రావణ శుక్రవారం భోజనాల దగ్గర మా ఆడపడుచు కూతురు పప్పుచారు గిన్నెను హాల్లో జనపనార తివాచీ మీద బోర్లించేసింది. "వదినా, మగ్గుతో నీళ్ళు తే!" అని మా ఆడపడుచు ఒకటే కంగారు. నేను తేలేదు. రెండేళ్ళ క్రితం అలాగే నీళ్ళు పోసి, సబ్బు పొడి వేసి బ్రష్షుతో రుద్ది ఒక తివాచీని పాడుచేసుకున్నాను. పైన ఆరినట్టే ఉంది. మూడు రోజులకి ఇల్లంతా తడి గోనెసంచి వాసన. తిరగేసి చూస్తే అడుగున నల్లగా బూజు.

నా మాట ఏంటంటే, చారు మరక మాత్రమే చేస్తుంది, తివాచీని పాడుచేసేది మనం పోసే నీళ్ళే. జనపనార నీళ్ళు బాగా పీల్చుకుంటుంది. ఆరేటప్పుడు నారలోని గోధుమరంగు అంచులకి చేరి వలయం కడుతుంది. అసలే మన తుని గాలిలో వానాకాలం బట్టలే ఆరవు, ఇక తివాచీ ఎక్కడ ఆరుతుంది?

అందుకని ముందు చెంచాతో పప్పు, ముక్కలు అంచు నుంచి మధ్యకి ఎత్తేశాను. తర్వాత పాత పంచె గుడ్డతో అద్దాను. రుద్దితే పసుపు నారలోకి దిగిపోతుంది. పోపు నూనె జిడ్డు మీద టాల్కం పౌడర్ చల్లి అరగంట ఉంచి దులిపేశాను. కొందరు శెనగపిండి వేస్తారు. అది సందుల్లో మిగిలిపోతే బూజుకి మేత వేసినట్టే. చివరగా అరలీటరు నీళ్ళలో నాలుగు చుక్కల షాంపూ కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి మరక మీద అద్దాను. ఆ వెంటనే మంచినీళ్ళ గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో అద్దాను. బట్టల సోడా మాత్రం వద్దు, పసుపు ఎర్రగా తిరుగుతుంది.

ఆరబెట్టడమే అసలు పని. నేల మీద వదిలేస్తే అడుగు ఆరదు. రెండు కుర్చీల వీపుల మీద వేసి, టేబుల్ ఫ్యాన్ అడుగువైపు పెట్టాను. పైన ఆరినట్టున్నా అడుగున అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలింది, అంటే తడి ఇంకా ఉన్నట్టే. రాత్రంతా ఫ్యాన్ ఆపలేదు. మర్నాడు ఉదయం గంటసేపు ఎండ తగిలేసరికి మిగిలిన పసుపు చాలావరకు వెలిసిపోయింది. ఎక్కువసేపు ఎండలో ఉంచితే నార పెళుసెక్కుతుంది.

ఏలూరు ఉన్ని తివాచీ ఉన్నవాళ్ళూ ఇలాగే చెయ్యండి. కాకపోతే వేడినీళ్ళు వాడకండి, ఉన్ని ముద్దకడుతుంది. ముందు ఒక మూల తడిగుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూసుకోండి. ఆరబెట్టేది నీడలోనే.

మా తివాచీ మీద లేత మచ్చ ఇంకా ఉంది. వాసన మాత్రం లేదు. "తిట్టవా అత్తా?" అని పిల్ల బిక్కమొహం వేసింది. తిట్టడానికేముంది, ఆ వయసుకి చెయ్యి జారుతుంది. రెండేళ్ళ క్రితం మగ్గు పట్టుకొచ్చింది మాత్రం పెద్దదాన్ని, నేనే కదండీ!