గౌరవ వేతనం అంటే గ్రాట్యుటీ ఎగ్గొట్టే పేరా?

మన గూడేల్లో అంగన్‌వాడీ టీచరు, ఆయా రిటైరైన రోజున శాలువా కప్పుతారు. డబ్బు మాట ఎత్తితే, ‘మీకిచ్చేది జీతం కాదమ్మా, గౌరవ వేతనం. గ్రాట్యుటీ ఎలా వస్తుంది?’ అంటారు. ఈ మాటకు 2022 ఏప్రిల్ 25నే కాలం చెల్లింది. గుజరాత్ అంగన్‌వాడీ మహిళల కేసులో సుప్రీంకోర్టు ఆ రోజు తేల్చి చెప్పింది: పేరు ఏది పెట్టినా అది చేసిన పనికి ఇచ్చే వేతనమే, 1972 నాటి గ్రాట్యుటీ చెల్లింపు చట్టం టీచర్లకూ ఆయాలకూ వర్తిస్తుంది.

ఎన్నేళ్లు చేయాలి? తెగకుండా అయిదేళ్లు. పని చేస్తూ చనిపోయినా, ప్రమాదం వల్లో జబ్బు వల్లో పని చేయలేని స్థితి వచ్చినా ఆ అయిదేళ్ల షరతు లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ అయిదేళ్ల లెక్కనే ఉంచింది. గడువు రాసి నియమించిన వారికి మాత్రం ఏడాది చాలంది. ‘తెగకుండా’ అన్న మాట చూపించి భయపెడతారు. జబ్బు చేసినా, సెలవు పెట్టినా, మన తప్పు లేకుండా కేంద్రం మూతపడినా సర్వీసు తెగినట్టు కాదు.

ఇక లెక్క. ఒక ఆయా 22 ఏళ్ల 7 నెలలు చేసిందనుకుందాం. చివరి నెల జీతం 7,800 రూపాయలు. నెలలో ఆదివారాలు పోను 26 పనిదినాలని చట్టం లెక్క, కాబట్టి రోజు కూలి 300. ఏడాదికి 15 రోజుల కూలి, అంటే 4,500. ఆరు నెలలు దాటితే నిండు ఏడాదే, అందుకని 23 ఏళ్లు. మొత్తం 1,03,500 రూపాయలు.

ఇదే లెక్కను 26 బదులు 30తో భాగించి, ఆ 7 నెలలు వదిలేసి చూడండి. 85,800 వస్తుంది. రెండు చిన్న ‘పొరపాట్ల’తో 17,700 రూపాయలు మాయం! చదువు రాని ఆమెకు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాక ఎవరడుగుతారు?

ఇంకో మోసం చేరిన తేదీ దగ్గర జరుగుతుంది. గ్రామసభ తీర్మానంతో చేరిన ఏడాది ఒకటి, ఆఫీసు రికార్డుకెక్కిన ఏడాది ఇంకొకటి. మొదటి నెల జీతం పడిన బ్యాంకు పుస్తకం, పాత హాజరు రిజిస్టరు నకలు ఉంటే ఆ తేడా పట్టుబడుతుంది. గూడెంలో చదువుకున్న పిల్లలూ మాస్టార్లూ ఈ కాగితాలు ఆమె పనిలో ఉండగానే తీసి పెట్టాలి, పోయాక వెతికితే దొరకవు.

‘దరఖాస్తు పెట్టలేదు కదా’ అనేది చివరి సాకు. దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా లెక్క కట్టి ఆమెకు తెలపాల్సింది యజమానే. 30 రోజుల్లో చెల్లించకపోతే వడ్డీతో కట్టాలి. అప్పటికీ కదలకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గర అర్జీ వేయాలి, జాప్యం చేయకుండా. ఆ అర్జీ మీద లెక్క మాత్రం పైన చెప్పినట్టే, 26తోనే వేసి ఇవ్వండి.